సుందరలక్ష్మి వేసిన వడ్డీ లెక్క

ప్రొద్దుటూరులో వెంకటరమణయ్యది ఇత్తడి సామాన్ల అంగడి. ఆయన కోడలు సుందరలక్ష్మి జమ్మలమడుగు ఆడపడుచు. పుట్టింట్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది. లెక్కల్లో ఆమెను మించినవాళ్లు ఆ బడిలో లేరు. ఎనిమిది పూర్తయిన ఎండాకాలంలోనే పెళ్లి చేశారు. పుస్తకాలన్నీ పక్కింటి పిల్లకు ఇచ్చేశారని ఆమెకు అత్తవారింటికి వచ్చాక తెలిసింది.

అత్తగారు లేని ఇల్లు. మామగారికి కళ్లలో పొర వచ్చి అక్షరాలు ఆనవు. మొగుడు పెంచలయ్య బేరంలో గట్టివాడే కానీ కూడిక దగ్గర తడబడతాడు. అందువల్ల అంగడి చిట్టాలన్నీ నాలుగైదేళ్లుగా సుందరలక్ష్మే రాస్తోంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, పక్కనే పీట మీద కూర్చుని రాసేది. ఆమె చెప్పిన అంకెను ఆ ఇంట్లో ఎవరూ మారు అడిగేవాళ్లు కాదు.

ఆడబిడ్డ అనసూయ ఆమెకంటే ఆరేళ్లు చిన్నది. ఆ పిల్లకు భిన్నాలు నేర్పింది సుందరలక్ష్మే. చింతపండు గింజలు తీస్తూ, ఆ గింజలతోనే మూడో వంతు, నాలుగో వంతు చూపించింది. పిల్ల చురుకైనది. చెప్పిన పాఠం చెప్పినట్టే అందుకుని హైస్కూలు దాటింది, అనంతపురంలో మేనమామ ఇంట ఉండి ఇంటర్మీడియట్ కూడా దాటింది. 1951 ఎండాకాలంలో మద్రాసులోని ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. బి.ఏ.లో చోటు దొరికింది. రెండేళ్లు బి.ఏ., ఆ మీద ఒక ఏడాది బి.టి. చదివితే హైస్కూల్లో పంతులమ్మ ఉద్యోగం.

ఆ ఉత్తరం ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించింది సుందరలక్ష్మే. చదువుతున్నంతసేపూ గొంతు బాగానే ఉంది. చదవడం అయ్యాక వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా ఇంకో గిన్నె తోమింది. ఆ రోజు నుంచి అనసూయ ఏం చేసినా ఆమెకు కంటగింపే. పిల్ల కిటికీ దగ్గర కూర్చుని జడ వేసుకుంటే ఒళ్లు మండేది. "మద్రాసులో సముద్రం ఉంటాదంట వదినా" అంటే, "ఉంటే ఉండనీలే, దాన్లో నీళ్లు తాగేదానికి పనికిరావు" అనేది.

మద్రాసు ఖర్చు అంగడి మోయలేదు. ఊళ్లో వర్తకులంతా కలిసి పెట్టుకున్న విద్యానిధి ఒకటి ఉంది. అది చదువుకు అప్పు ఇస్తుంది. ఏడాదికి నాలుగు వందల చొప్పున మూడేళ్లు, నూటికి ఏడాదికి ఆరు రూపాయల వడ్డీ. చదువు ముగిసేదాకా ఏమీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇంకో ఏడాది గడువు. అప్పటిదాకా పేరుకున్న వడ్డీని అసలుకు కలిపి, నాలుగేళ్లలో నెలనెలా కిస్తులు కట్టించుకుంటారు. జామీను సంతకం మాత్రం ఇంటి పెద్దది కావాలి.

వెంకటరమణయ్య జన్మలో అప్పు చేసినవాడు కాదు. ఆయన నాయన వడ్డీ మీద వడ్డీ పెరిగి ఇల్లు పోగొట్టుకున్నాడు. అప్పు అన్న మాట వింటేనే ముసలాయన ముఖం ముడుచుకునేది.

నిధి వాళ్లు ఇచ్చిన నియమాల కాగితం కోడలి చేతికిచ్చి, "అంతా అయ్యేటప్పటికి వడ్డీ ఎంతవుతాదో చూసి చెప్పమ్మా. అసలు సంగతి సరే. వడ్డీ ఒక్కటే ఎంత? నాలుగు వందల లోపలైతే ఏదో ఒకటి చేద్దాం. దాటితే మన వల్ల కాదు" అన్నాడు.

సుందరలక్ష్మి కాగితం రెండుసార్లు చదివింది. ఒక్కసారి చదివినప్పుడే అంతా అర్థమైంది. ఏ ఏడు ఇచ్చిన డబ్బుకు ఆ ఏటి నుంచే వడ్డీ. కిస్తులు మొదలయ్యేదాకా వడ్డీకి వడ్డీ లేదు. పలక తీసుకుని కూర్చుంది. గడపలో అనసూయ గోరింటాకు పెట్టుకున్న చేతులు చాపుకుని, మద్రాసుకు ఏ చీరలు తీసుకుపోవాలో పక్కింటామెతో చెబుతోంది. ఆ నవ్వు వంటింట్లోకి వినపడింది.

సుందరలక్ష్మి పన్నెండు వందలూ మొదటి రోజే చేతికిచ్చినట్టు రాసింది. ఏడాదికేడాది వడ్డీని అసలుకు కలిపింది. కిస్తులు కట్టేకొద్దీ బాకీ తగ్గుతుందన్న సంగతి వదిలేసింది. ఎనిమిదేళ్లకు అలా గుణిస్తూ పోతే పందొమ్మిది వందల పన్నెండు తేలింది.

"వడ్డీ ఏడు వందల పన్నెండు మామా" అంది.

ముసలాయన, "అంతేలే. వడ్డీ అంటే అంతే. ఇంక ఆ మాట వదిలేయండి" అని లేచి, చేతికర్ర తడుముకుంటూ అంగడికి పోయాడు.

అనసూయ ఏడవలేదు. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు, అంతే. సుందరలక్ష్మి ఆమెకు పెరుగు కాస్త ఎక్కువే వడ్డించింది. లోపల మాత్రం ఏదో చల్లగా అనిపించింది. ఇద్దరూ ఇక ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర. ఇప్పుడు సమానమే కదా అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం సుందరలక్ష్మి మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తుంటే అనసూయ ఒక కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"వదినా, నేను గూడా ఆ వడ్డీ వేసి చూసినా. ఎన్నిసార్లు వేసినా నీ లెక్క రాదు. యాడనో తప్పు చేస్తాండా. చూస్తావా?"

"నీదెంత వచ్చింది?"

"మూడు వందల ఐదు. తప్పని తెలుసులే. నువ్వు ఏడు వందల పన్నెండు అన్నాక ఇది యాడ నిజమైతాది? తప్పు యాడుండాదో తెలిస్తే, ఏ ఏడు అప్పు తగ్గించుకుంటే వడ్డీ తగ్గుతాదో చూసుకుంటా. బి.టి. మానుకునైనా సరే, ఒక్కపూట తినైనా సరే."

సుందరలక్ష్మి కాగితం అందుకుంది. చూడగానే కోపం వచ్చింది. తాను నేర్పిన పద్ధతే, తాను నేర్పిన గీతలే. ఒక్క చోట తప్పు. ఆ తప్పును చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇదేంది? చదువు అయినాక ఏడాది గడువు ఇస్తారు గదా, ఆ ఏడాదికి వడ్డీ ఉండదా? ఊరికే వదిలేసినావే. వాళ్లు కట్టమనరు గానీ వడ్డీ నడుస్తానే ఉంటాది."

ఎండలో వేడెక్కిన గచ్చు మీద బొగ్గుముక్కతో రాసింది. "నాలుగు వందలకు ఏడాదికి ఇరవై నాలుగు. మొదటి నాలుగు వందలు నాలుగేండ్లు నిలుస్తాది. తొంభై ఆరు. రెండోది మూడేండ్లు, డెబ్బై రెండు. మూడోది రెండేండ్లు, నలభై ఎనిమిది. మొత్తం రెండు వందల పదహారు. కిస్తులు మొదలయ్యే రోజుకు బాకీ పద్నాలుగు వందల పదహారు."

"ఆ మీద?"

"ఆ మీద కట్టేకొద్దీ కరిగిపోతాది. మొదట్లో పద్నాలుగు వందల పదహారు, చివరికి సున్నా. అంటే నాలుగేండ్లూ సుమారు సగం నిలిచినట్టు అనుకో. ఏడు వందల ఎనిమిదికి నాలుగేండ్ల వడ్డీ నూట డెబ్బై. నెలనెలా కట్టేదాంట్లో ఇంకో మూడు నాలుగు రూపాయలు ఎక్కువే పడతాది. మొత్తం మూడు వందల తొంభై..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో బొగ్గుముక్క అలాగే ఉంది.

అనసూయ గచ్చు మీది అంకెలను చూసింది. వదిన ముఖం చూసింది. "మూడు వందల తొంభై" అని మెల్లగా అంది. "అయితే ఆ ఏడు వందల పన్నెండు ఏంది వదినా?"

సుందరలక్ష్మి మిరపకాయలను అటూ ఇటూ నెరుపుతూ ఉండిపోయింది. కళ్లు మండుతున్నాయి. ఘాటుకే మండుతున్నాయని ఆ పిల్ల అనుకుంటే బాగుండుననిపించింది.

"నువ్వు పోతాండావు. నేను ఈడనే ఉండాల. అందుకే" అంది చివరికి.

అనసూయ వదిన భుజం మీద చెయ్యి వేయలేదు, తిట్టనూ లేదు. పెదవులు బిగించుకుని, "నాయనకు నువ్వే చెప్పాల. నేను చెప్తే నమ్మడు" అని దిగిపోయింది.

అన్నం దగ్గర సుందరలక్ష్మి మామగారికి చెప్పింది. "రూలు సరిగ్గా చదవలేదు మామా. అంతా మొదటి రోజే ఇస్తారనుకున్నా. వడ్డీ నాలుగు వందల లోపలే. మూడు వందల తొంభై దాకా ఉంటాది." రూలు చదవలేదన్నది అబద్ధమే. గడపలో నిలబడిన అనసూయ విని కూడా నోరు విప్పలేదు. పెంచలయ్య ఆశ్చర్యంగా పెళ్లాం వైపు చూశాడు. ఆమె చదవడంలో తప్పు చేయడం అతను ఎన్నడూ ఎరగడు.

ముసలాయన తినడం ఆపాడు. "నెలకెంత కట్టాల?"

"మొదటి నెల ముప్పై ఆరున్నర. పోనుపోను తగ్గుతాది. చివరి నెలకు ముప్పై గూడా ఉండదు. పంతులమ్మకు ఎనభై దాకా జీతం ఇస్తారంట."

మర్నాడు ఆయన స్వయంగా నిధి గుమాస్తా దగ్గరికి పోయి, వడ్డీకి వడ్డీ ఎప్పుడెప్పుడు పడుతుందో నాలుగు రకాలుగా అడిగాడు. కిస్తులు మొదలయ్యే రోజున ఒక్కసారే కలుపుతామని గుమాస్తా చెప్పాక, సంతకం పెట్టి వచ్చాడు. కానీ తర్వాత ఒక నెల పాటు చిట్టా లెక్కలు పెంచలయ్య చేత మళ్లీ కూడించాడు. ఆ నెల సుందరలక్ష్మికి అన్నం సయించలేదు.

జూన్‌లో అనసూయ ఎర్రగుంట్ల బస్సెక్కింది, అక్కడి నుంచి మద్రాసు రైలు. బస్సు దగ్గర వదినకు దండం పెట్టింది. సుందరలక్ష్మి ఆశీర్వదించింది. వెనక్కి వస్తూ, ఆ పిల్ల ట్రంకుపెట్టె తన పెళ్లి పెట్టె కంటే కొత్తదని గమనించింది.

ఆ అసూయ పోలేదు. మద్రాసు ఉత్తరాలు మామగారికి చదివి వినిపించేటప్పుడు సముద్రం, గ్రంథాలయం, స్నేహితురాళ్ల సంగతులు గబగబా దాటేసేది. చదువు ముగిశాక అనసూయకు కడప బాలికల హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. 1955 నుంచి కిస్తులు కట్టడం మొదలుపెట్టింది. సెలవులకు వచ్చినప్పుడు చేతికి గడియారం ఉండేది. టైము ఎంతని పెంచలయ్య చెల్లెలిని అడిగినప్పుడల్లా సుందరలక్ష్మి వంటింట్లో గిన్నె కాస్త గట్టిగా దించేది.

ఒక దసరా సెలవుల్లో అనసూయ కొన్ని పుస్తకాలు తెచ్చి చాప మీద పెట్టింది. "మెట్రిక్ ఇంట్లో ఉండే రాయొచ్చు వదినా. ఫీజు నేను కడతా."

"నువ్వు కట్టేదేంది? నాకు దుడ్లు లేవా?" అని కసిరింది సుందరలక్ష్మి. పుస్తకాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చదువు మీద ప్రేమతో ఆమె కూర్చోలేదు. ఆ పిల్ల ముందు ఇక తక్కువగా ఉండలేక కూర్చుంది. మొదటిసారి ఇంగ్లీషులో తప్పింది. రెండోసారి 1958లో పాసైంది. అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి.

మార్కుల కాగితం వచ్చిన రోజు అనసూయ సెలవులకు వచ్చి ఇంట్లోనే ఉంది. సుందరలక్ష్మి దాన్ని పమిట చాటున పెట్టుకుని వచ్చి, ఏదో మామూలు మాట అడిగినట్టు అడిగింది.

"హైస్కూలు పరీక్షలో నీకు లెక్కల్లో ఎన్ని వచ్చినాయి?"

"ఎనభై నాలుగు. ఏం వదినా?"

"నాకు తొంభై ఒకటి" అంది సుందరలక్ష్మి. ఆ పూట వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నది.