రేటు ఎక్కువున్న దాంట్లో

భాగ్యకు బ్యాంకు కొత్త కాదు. కోరుట్లలో బీడీలు చుట్టుకుంటూనే, దుబాయిలో మేస్త్రీగా ఉన్న భర్త బుచ్చన్న పంపిన ప్రతి పైసాకూ ఆమే లెక్క చూసింది. ఆయన రాసిచ్చిన అధికారపత్రం మీద సంతకాలన్నీ ఆమెవే. అందుకే సోమవారం జగిత్యాల బ్యాంకులో ఆఫీసరు కహకషాన్ ముందు ధైర్యంగానే కూర్చుంది.

"డిపాజిట్ గడువు తీరింది మేడమ్. మొత్తం ఆయన ఖాతాకు పంపియ్యాలె. అక్కడ లక్షా ఇరవై ఒక్క వేల దిర్హాములు కావాలె."

బుచ్చన్న పూచీ సంతకం పెట్టిన అప్పు అది. తీసుకున్నది దుబాయిలో ఆయనతో పనిచేసిన సిరిసిల్ల శ్రవణ్. జబ్బు చేసి ఇంటికొచ్చినవాడు మళ్లీ పోలేదు. అప్పిచ్చినవాళ్లు బుచ్చన్న మీద కేసు వేశారు. కేసు తీరేదాకా ఆయన ఆ దేశం దాటరాదు. గురువారంలోగా లక్షా ఇరవై ఐదు వేలు ఒక్కసారే కడితే మిగతాది వదిలేస్తామన్నారు. నాలుగు వేలు బుచ్చన్న తోటివాళ్ల దగ్గర చేబదులు తెచ్చాడు. మిగిలింది ఈ డిపాజిట్.

కహకషాన్ తెర చూసి, కాలిక్యులేటర్ తీసింది.

"అక్కా, ఇరవై ఎనిమిది లక్షల అరవై వేలు వచ్చినయ్. పంపడానికి అడ్డం లేదు. గానీ ఈ రోజు రేటుకు లక్షా పదిహేను వేల ఐదు వందల దిర్హాములే అయితయ్."

"ఆయన డాలర్లల్ల లెక్క చేసిండు మేడమ్. ముప్పై వేల డాలర్లు పంపితే రెండేండ్లకు ముప్పై మూడు వేలు దాటుతయ్, అవి లక్షా ఇరవై ఒక్క వేల దిర్హాములైతయన్నడు."

"డాలర్ డిపాజిట్ అయితే దాటేటియే. ఇది రూపాయల డిపాజిట్. డాలర్లు వచ్చిన రోజే డాలరుకు ఎనభై మూడు రూపాయల లెక్కన మార్చి వేసినం. మీరే చెప్పిండ్రు."

భాగ్యకు ఆ రోజు గుర్తుంది. ఏం చేయాలని అడిగితే బుచ్చన్న ఫోనులో ఒక్క మాటే అన్నాడు: "రేటు ఎక్కువున్న దాంట్లో ఏయించు." బ్యాంకు గోడ మీద రూపాయలకు ఏడు శాతం, డాలర్లకు ఐదు శాతం అని ఉంది. ఏడు ఐదుకంటే ఎక్కువ. ఆమె ఏడే చూపించింది. ఆయన చెప్పింది వడ్డీ రేటు కాదు, పెరుగుతున్న డాలర్ రేటు.

"నేనే ముంచిన," అంది.

"గట్లనకు అక్కా. డాలర్ ఎనభై ఆరున్నర లోపలనే ఆగితే రూపాయల డిపాజిటే లాభం. తొంభై దాటుతదని అప్పుడు ఎవరికి ఎరుక? నేను గూడ చెప్పలేకపోదును."

ఆ మాట భాగ్యకు ఆసరా కాలేదు. కావలసింది ఇంకా ఐదు వేల ఐదు వందల దిర్హాములు, లక్షా ముప్పై ఆరు వేల రూపాయలు. ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది. చిట్టీ ఎత్తేసింది.

మరునాడు వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కింది. శ్రవణ్ మరమగ్గాల షెడ్డులో దొరికాడు. చప్పుడులో ఇద్దరూ అరిచినట్టు మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"లక్షా ముప్పై ఆరు వేలు తక్కువ పడ్డయ్ శ్రవణ్. గురువారం దాటితే ఆయన అక్కడ్నే."

"ఈ మగ్గాలు సేటువి వదినా. నాది కూలే."

"అప్పు తీసుకున్ననాడు సంతకానికి అన్న కావాలె. ఇప్పుడు సేటు అడ్డమొచ్చిండా?"

శ్రవణ్ మగ్గం ఆపి లోపలికి పోయి సేటును అడిగి పది వేలు అడ్వాన్సు తెచ్చాడు. "ఇంకేం లేదు వదినా. నన్ను తిట్టు, పడుత." ఆమె తిట్టలేదు. ఆ పది వేలు తీసుకుంది.

బస్టాండులో నిలబడే బుచ్చన్నకు ఫోను చేసింది. తక్కువ పడ్డదని రాత్రే చెప్పింది; ఇప్పుడు పది వేలే దొరికాయని చెప్పింది.

"కొంచెం తక్కువకు ఒప్పుకోరా?" అని అడిగింది.

"పొద్దున్నే అడిగొచ్చిన. మొత్తమిస్తెనే ఆఫరట. తక్కువిస్తే పాత అప్పుల జమ కట్టుకుంటరు, కేసు కేసే."

"మరి పంపాల్నా?"

"పంపకు. పంపితే పైసలూ పోతయ్, నేనూ రాను. వచ్చే ఏడాది మల్ల ఆఫర్ పెడ్తరంటున్నరు. పెడ్తరో లేదో. ఈసారి డాలర్లల్ల ఏయించు. నేను కట్టేది దిర్హాములు. దిర్హామ్ డాలర్ వెంబడే పోతది. రూపాయి ఎటు పోయినా మనకు తక్కువ పడొద్దు."

"వడ్డీ తక్కువ కదా."

"తక్కువే కానియ్."

గురువారం కహకషాన్ కాగితాలు ముందు పెట్టింది. "ఇప్పటి రేటుకు డాలర్లు కొని వేస్తున్నం అక్కా. ఏడాది కంటే తక్కువకు లేదు. ఏడాది నిండకముందు తీస్తే వడ్డీ ఒక్క పైసా రాదు."

"నడుమనే ఆయనకు అవసరం పడితే?"

"అసలు ఎటూ పోదు. వడ్డీయే పోతది."

భాగ్య ఏడాది అని ఉన్న చోట వేలు పెట్టి ఒకసారి చదువుకుంది. ఆ ఏడాది ఆయన రాడు. పేరు మొత్తం రాసి సంతకం చేసింది.