కట్టలక్క కుళాయి కిట్లు

మా హార్డ్‌వేర్ షాపులో స్టాకు చూసేది నేను. అనుమానం నా ఒంట్లోనే ఉందని మా ఆవిడ అంటుంది. పాలు విరిగినా ఎవరో ఏదో కలిపారంటానట. స్టాకు చూసేవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే షాపు మూసుకోవాల్సిందేనని నేనంటాను. ఈ వాదన మా ఇంట్లో పదేళ్ళుగా తెగలేదు.

కట్టలక్క మా షాపులో సామాను కట్టే మనిషి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అంతకుముందు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఏది కట్టినా రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, కొసను లోపలికి దోపుతుంది. ఆ ముడి విప్పలేక ప్లంబర్లు పళ్ళతో కొరికేవాళ్ళు. లెక్కపెట్టేటప్పుడు పలకరిస్తే ఊరుకోదు. వేలు పైకెత్తి ఆగమంటుంది, లెక్క పూర్తయ్యాక "ఇప్పుడు చెప్పు తమ్ముడూ" అంటుంది. భర్త పోయాక ఇల్లంతా ఆమె ఒంటి చేతి మీదే నడిచింది. ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు, ఒక్కసారి కూడా ముందు వెళ్ళలేదు. ఇంత సవ్యంగా ఉండే మనిషి మీద కూడా నాకు అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

మా దగ్గర బాగా పోయేది కుళాయి కిట్. ఒక కుళాయి, ఒక గొట్టం, రెండు వాషర్లు, ఒక టేపు చుట్ట, అన్నీ ఒకే కవరులో. కంప్యూటర్లో దానికొక జాబితా రాసి పెట్టాను. కిట్ ఒకటి బిల్లు చేయగానే జాబితా ప్రకారం కుళాయి ఒకటి, గొట్టం ఒకటి, వాషర్లు రెండు, టేపు ఒకటి వాటంతటవే స్టాకులోంచి తగ్గిపోతాయి. కిట్‌కంటూ సొంత స్టాకు ఉండదు. ఉన్న సామానుతో ఎన్ని కిట్లు అవుతాయో మాత్రం తెర మీద కనిపిస్తుంది. ఆ ఏర్పాటు నేనే చేశానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

నెలాఖరున స్టాకు లెక్కకు కూర్చున్నాను. కంప్యూటర్ తీసిచ్చిన కాగితాల్లో మొదటి పేజీ కుళాయిలది. తెర మీద అరవై ఒకటి. అరలో ఇరవై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఏడే. ముప్పై నాలుగు కుళాయిలు గాలికి ఎగిరిపోవు కదా!

నా బుర్ర చకచకా పనిచేసింది. మూడు వారాలుగా కట్టలక్క అందరికంటే ముందే షాపుకి వస్తోంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మేం కునుకు తీస్తుంటే మేడ మెట్ల వైపు వెళుతోంది. ఎందుకక్కా అంటే "పైన గాలి బాగుంటుంది" అంది. పైన ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు, గాలి అంతకన్నా లేదు. పైగా ఆమె సంచి ఈ మధ్య పెద్దదైంది. ఇవన్నీ ముక్కకు ముక్క అతుక్కున్నాయి. మిగతా పేజీలు లెక్కపెట్టకుండానే ఆ ఒక్క పేజీ పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను. పెద్దాయనంటే షాపు యజమాని.

కట్టలక్కను పిలిపించారు.

"అక్కా, అరలోంచి కుళాయిలు తీసేది నువ్వే కదా. ముప్పై నాలుగు తక్కువొచ్చాయి," అన్నాను.

"తీసినవన్నీ కిట్లలోనే పెట్టాను తమ్ముడూ."

"ఈ నెల అమ్మిన కిట్లు నూట పన్నెండు. వాటి కుళాయిలు బిల్లుతోపాటే తగ్గిపోయాయి. ఇవి వాటికి మించి పోయినవి."

"నాకా కంప్యూటర్ సంగతి తెలీదు. కిట్లలోనే పెట్టాను."

"మరి మధ్యాహ్నం పైకెందుకు వెళుతున్నావు?"

ఆమె నోరు విప్పి, మళ్ళీ మూసింది. ఆ మూసిన నోరే నాకు పెద్ద సాక్ష్యంలా కనిపించింది. ఆమె నా కళ్ళలోకి చూస్తూ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. అన్నం గిన్నె, దారపు ఉండ, మందుల చీటీ, కళ్ళలో వేసుకునే మందు సీసా. అంతే. నేను సిగ్గుపడాల్సింది. ఇవాళ తీసుకెళ్ళలేదన్నమాట, అనుకున్నాను.

"తేలేదాకా రెండ్రోజులు ఇంటి దగ్గరుండమ్మా," అన్నారు పెద్దాయన. తేలకపోతే ఇక రానక్కర్లేదని ఆ మాటకు అర్థం. అది ఆమెకూ తెలుసు. గిన్నె సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మిగతా పేజీలు పట్టుకున్నాను. గొట్టాలు ఎనభై ఉండాలి, నలభై ఆరున్నాయి. టేపు చుట్టలు యాభై ఐదుండాలి, ఇరవై ఒకటున్నాయి. ఇవి కూడా ఎత్తుకుపోయిందా అని పళ్ళు కొరుక్కున్నాను. వాషర్ల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రెండు వందల పది ఉండాలి. నూట నలభై రెండున్నాయి. అరవై ఎనిమిది తక్కువ.

ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, అరవై ఎనిమిది.

దొంగ కుళాయి ఎత్తుకుపోతాడు. కుళాయికి రెండు చొప్పున వాషర్లు లెక్కపెట్టి, టేపు కూడా మరిచిపోకుండా తీసుకెళ్ళే దొంగ ఎక్కడుంటాడు? నేను రాసిన జాబితాయే అది, నా ఎదుటే నిలబడింది. కంప్యూటర్ సామాను తగ్గించేది కిట్ అమ్మినప్పుడు, కట్టినప్పుడు కాదు. కట్టేసి, ఇంకా అమ్మని కిట్లు ఎక్కడైనా ఉంటే, వాటిలోని సామాను తెర మీద ఉంటుంది, అరలో ఉండదు. కిట్‌కు సొంత స్టాకు లేదు కాబట్టి లెక్క కాగితంలో దానికొక వరస కూడా లేదు. ఉన్న కిట్లను లెక్కపెట్టమని నాకెవరూ చెప్పరు. నాకై నాకు తట్టాలి, తట్టలేదు.

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాను. కిటికీ పక్కన రెండు అట్టపెట్టెలు. మూత తీస్తే లోపల వరసగా కిట్లు. ఒక్కో కవరుకి రెండు చుట్లు, ముడి, లోపలికి దోపిన కొస. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

లెక్క కాగితం చివర "కట్టి ఉంచిన కిట్లు" అని చేత్తో ఒక వరస రాసి, ఒక్కో సామానుకీ కలిపి చూపించాను. పెద్దాయన కళ్ళజోడు తీసి, "వెళ్ళి పిలుచుకురా. నేను పిలిచానని చెప్పు," అన్నారు.

కట్టలక్క ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. జరిగిందంతా చెప్పాను. క్షమించమని అడిగాను. ముందే ఎందుకు కట్టావక్కా, పైన ఎందుకు పెట్టావు, అన్నాను.

"కళ్ళు ఆనటం లేదు తమ్ముడూ. పొద్దున ప్లంబర్లు మీద పడ్డప్పుడు, కింద నేను సామాను కట్టే ఆ చీకటి మూల నాకు వాషర్ రెండో ఒకటో తెలీటం లేదు. పోయిన నెల ఒకడికి ఒకటే పడింది. నానా మాటలన్నాడు. అందుకని కిటికీ దగ్గర, వెలుతురున్నప్పుడే కట్టి పెట్టుకుంటున్నా. కళ్ళు పోయాయంటే పనిలో ఉంచరు కదా."

"నిన్న ఆ మాట చెప్పుంటే..."

"కిట్లలో పెట్టానని చెప్పాగా. రెండుసార్లు చెప్పా."

నిజమే. రెండుసార్లు చెప్పింది. "కిటికీ దగ్గరే నీకు బల్ల వేయిస్తానక్కా. రేపట్నుంచి రా," అన్నాను.

ఆమె కళ్ళు చికిలించి నన్ను చూసింది. బహుశా నా మొహం కూడా ఆమెకు సరిగ్గా ఆనలేదేమో.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ పెట్టెల్లో నీ లెక్కకి ఏ రెండు కిట్లో తక్కువొచ్చి ఉంటే, నువ్విప్పుడు ఇక్కడికి వచ్చేవాడివా?"

వచ్చేవాణ్ణే అనడం ఎంతసేపు? నా నోటికి రాలేదు.

"వచ్చేవాణ్ణి కాదక్కా," అన్నాను.

ఆమె తల ఊపింది. తలుపు వేయలేదు. లోపలికి రమ్మనీ అనలేదు.