మొదటి అర నిమిషంలో మా నాయన

సభలో మాట్లాడాలంటే నాకు చచ్చేంత భయం. ఇప్పటికీ ఉంది, దాచుకోవడమెందుకు? కానీ ఎనభైల మొదట్లో తిరుపతిలో పరిశోధన చేస్తూ పడ్డ భయం మాత్రం పగవాడికి కూడా వద్దు. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు మీద నా పని. ఇంకో రెండు నెలల్లో స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే తిరుపతిలో రెండు రోజుల వ్యవసాయ సదస్సు పెట్టారు. మేం మాట్లాడే పూటకు అధ్యక్షుడు ఒక పరిశోధన కేంద్రానికి పెద్ద. ఆయన దగ్గర ఒక ఉద్యోగం ఖాళీగా ఉందనీ, మాట్లాడేవాళ్ళలోంచే ఒకణ్ణి ఏరుకుంటాడనీ అందరికీ తెలుసు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఆ ఉద్యోగం రాకపోతే నేను ఊరికి పోయి మడక పట్టి దున్నాల్సిందే, అదీ నాకు సరిగ్గా చేతకాదు.

వారం ముందు నా గైడు సారు ల్యాబులో బెంచీ మీద కూర్చుని, చేతిగడియారం విప్పి ఎదురుగా పెట్టుకుని, మొదలుపెట్టమన్నాడు. నేను గొంతు సవరించుకుని వేదికనలంకరించిన అధ్యక్షులవారికి, ఆహ్వానించిన నిర్వాహకులకు, విచ్చేసిన శాస్త్రవేత్తలకు, రైతు సోదరులకు పేరుపేరునా నమస్కారాలు చెప్పాను. నా అంశం పేరు చదివాను. దేశానికి వేరుశనగ ఎంత ముఖ్యమో చెప్పాను. సమయం తక్కువ కాబట్టి క్షమించమన్నాను. మా దగ్గర అందరూ అలాగే మొదలుపెట్టేవాళ్ళు, అది మర్యాద. సారు గడియారం ఎత్తి చూపించాడు.

“ముప్పావు నిమిషమయిందప్పా. పురుగు ఇంకా రాలేదు.”

తర్వాత ఆయన చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందరికీ కలిపి ఒక్క నమస్కారం చాలు. అంశం పేరు అధ్యక్షుడు ముందే చదువుతాడు, మళ్ళీ చదవొద్దు. స్లైడ్లు వేయడానికి దీపాలు ఆర్పుతారు, ఆర్పితే సగం మంది కునుకు తీస్తారు, కాబట్టి దీపాలుండగానే, మొదటి అర నిమిషంలోనే వాళ్ళను పట్టుకోవాలి. అర నిమిషం అంటే నలభై యాభై మాటలు. అందులో ఒక మనిషి ఉండాలి, ఒక చోటు ఉండాలి, అనుకోనిది ఒకటి జరగాలి. చివర ఒక ప్రశ్న పడాలి, మిగతా తొమ్మిదిన్నర నిమిషాలూ దానికి జవాబు కావాలి. కాగితం చూడకూడదు. ఇంతే. వినడానికి తేలిక, రాయడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు రోజులకు ఒకటి రాసి తీసుకెళ్ళాను. మొదటి మంచి వాన పడగానే సాయంత్రాలు భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. ఊరంతా ఒకేసారి గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడి చస్తాయి. ఒక ఊళ్ళో ఒక రైతు మంట వెయ్యలేదు. అతని చేనిలో పుట్టిన గొంగళి పురుగులు చేనంతా తినేసి, వరసలు కట్టి పక్క చేలమీదికి నడిచాయి. మంట వేసినవాళ్ళ పంట కూడా ఎందుకు పోయింది? ఇదీ నా ప్రశ్న. సారు విని పెదవి విరిచాడు. ఎవురో ఒక రైతంటే ఎవురికి పట్టిందప్పా, ఆ రైతు ఎవురో నీకు తెలుసా తెలియదా అన్నాడు. “మా నాయన సార్” అని నోట్లోంచి జారిపోయింది. ఆయన చటుక్కున పెన్ను తీసుకుని నా కాగితం మీద ‘ఒక రైతు’ను కొట్టేసి ‘మా నాయన’ అని రాశాడు.

అసలు సంగతి ఆయనకు తెలియదు. ఆ సాయంత్రం నాయనకు జ్వరం. గట్టు మీద కంప ముందే పోగేసిపెట్టి, అగ్గిపెట్టె చేతికిచ్చి, మంట వెయ్యమని నన్ను పంపాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఊరి బయట టూరింగ్ టాకీస్ వేశారు, అటు పోయాను. ఇంటికొచ్చి వేసినానని చెప్పాను. నెలలో నాలుగు చేలు పోయాయి. ఊరంతా వచ్చి నిలదీస్తే నాయన నా వైపు ఒక్కసారి చూసి, జ్వరంలో నేనే మరిచిపోయినానని చెప్పాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నీళ్ళ వంతు దగ్గరైనా, రచ్చబండ దగ్గరైనా ఆయన నోరెత్తితే చాలు, నువ్వు మాట్లాడొద్దులే అనేవాళ్ళు. దానికన్నా నన్ను కొట్టినా బాగుండేది.

అయినా ఆ వాక్యం మార్చలేదు. నాయన తిరుపతికి రాడు కదా అని ధైర్యం. ఉద్యోగం కావాలి.

వచ్చాడు. ఆ రోజు నాకన్నా ముందు ఇద్దరున్నారనగా తలుపు దగ్గర తెల్ల పంచె కనబడింది. ఎవరు చెప్పారో ఏమో, పొద్దున బస్సుకే బయల్దేరి వచ్చి, చెప్పులు బయట విడిచి, చివరి వరసలో అంచున కూర్చున్నాడు. ‘మా నాయన’ అనాలా, ‘నేను’ అనాలా? ‘నేను’ అంటే ఆ అధ్యక్షుడు నాకు పురుగుల పని ఇస్తాడా? ఒప్పుకున్న పని ఎగ్గొట్టి సినిమాకు పోయినవాడికి? పోనీ ‘ఒక రైతు’ అందామంటే సారు ముందు వరసలో గడియారం విప్పి కూర్చున్నాడు.

అధ్యక్షుడు నా అంశం చదివాడు. లేచి నడిచాను. కాగితం జేబులోనే ఉంచి బల్ల వెనక నిలబడ్డాను.

“అందరికీ నమస్కారం. మొదటి వాన పడిన సాయంత్రం మా ఊళ్ళో అన్ని గట్ల మీదా మంటలు లేచినాయి, ఒక్క గట్టు మీద తప్ప. ఆ చేను మాది. మంట వెయ్యనిది మా నాయన.”

అధ్యక్షుడు రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు. నేను చివరి వరస వైపు చూడలేదు, చూస్తే పడిపోయేవాణ్ణి. ప్రశ్న కూడా వేసి, దీపాలు ఆర్పమన్నాను.

దిగాక అధ్యక్షుడు పిలిచి, సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నాడు. సారు వీపు తట్టాడు. నేను బయటికి పరుగెత్తాను. నాయన టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాడు. బాగా సెప్పినావురా, ఒక్కురన్నా తల తిప్పలేదు, నేను సూస్తానే ఉన్నా అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నాయనా, లోపలికి పోయి నిజం చెప్పేస్తాను అన్నాను. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఊర్లో నేను సెప్పిందే ఈడ నువ్వు సెప్పినావు. ఇప్పుడు మార్సితే ఇద్దరం అబద్ధాలోళ్ళమయితాం. గమ్మునుండు.”

ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం నాయనకు చూపిద్దామని ఊరికెళ్ళాను. బస్సు దిగేసరికి టీ అంగడి ముందు నాయన గొంతు వినబడింది. చుట్టూ పదిమంది, ఆ నాలుగు చేల వాళ్ళు కూడా ఉన్నారు. నేను చెప్పిన ఆ నాలుగు వాక్యాలనే ఆయన నా లాగే ఆగి ఆగి చెబుతున్నాడు. “ఆ పొద్దు నేను మంట ఎయ్యకపోబట్టే కదప్పా, మావాడికి ఉజ్జోగమొచ్చె” అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. దొంగకు తేలు కుట్టినట్టు ఆయన పక్కన కూర్చుని, వాళ్ళు పోయించిన టీ తాగాను.