ఏ నష్టమూ లేదని సాక్ష్యం చెప్పిన ఇంట్లో సర్వేయర్

అమీర్‌పేటలో మా బేకరీకి పెద్ద ఓవెన్ కొనడానికి బ్యాంకు లోను అడిగితే, ప్రాజెక్టు రిపోర్టులో బీమా గురించి ఒక భాగం రాసి తెమ్మన్నారు. అది రాయించడానికి ఏజెంటుగారొకాయన శ్రీనగర్ కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చారు. కోస్తా మనిషి, మహా మర్యాదస్తుడు. మా నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రావలసిన కష్టాలన్నీ వరసగా చెప్పుకుపోయారు.

"షాపు తగలబడిందనుకోండి సార్, దానికొక పాలసీ. కాలిన షాపు బాగయ్యేదాకా వ్యాపారం ఆగిపోతుంది కదండీ, ఆ లాభం పోయినందుకు ఇంకోటి. మీ కేకులో ఖర్జూరం గింజ ఉండి ఎవరిదైనా పన్ను విరిగి కోర్టుకెళ్తే మరోటి. మీరే పోయారనుకోండి..."

నాన్న నా వైపు తిరిగాడు. "ఈయన బీమా చెయ్యనీకి వచ్చిండా, శాపాలు పెట్టనీకి వచ్చిండా?"

చివరి పాలసీ దగ్గర పెద్ద పంచాయితీ అయింది. వ్యాపారానికి ముఖ్యమైన మనిషి పోతే సంస్థకు డబ్బు వచ్చే పాలసీ అది. ముఖ్యమైన మనిషి అన్న మాట నాన్నకు బాగా నచ్చింది. మీసం కూడా సర్దుకున్నాడు. అయితే ఆ డబ్బు ఇంటికి రాదు, నేనూ ఆయనా భాగస్వాములుగా ఉన్న బేకరీకే వస్తుందని తెలిసేసరికి మొహం మాడింది. "నేను చస్తే పైసలు పొయ్యికిస్తరా?" అన్నాడు. అయినా పంజాగుట్టలో మెడికల్ టెస్టుకి వెళ్లి, షుగరుందని తేల్చుకుని, ప్రీమియం పెరిగిందని వారం రోజులు నాతో మాట్లాడలేదు. షుగర్ నేనే ఎక్కించినట్టు.

మా నాన్నకో అలవాటుంది. ఏం జరిగినా "దేవుని కృప, మనకేం నష్టం కాలే" అంటాడు. చర్చి సంఘంలో పెద్ద మనిషి కాబట్టి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పే అవకాశం వస్తే వదలడు. ఆ సాక్ష్యాల్లో మా ఇంటికి ఇంతవరకు ఏ నష్టమూ జరగలేదు.

లోను వచ్చింది, ఓవెన్ వచ్చింది, డిసెంబర్ వచ్చింది. మాకు ఏడాది సంపాదన అంతా ఆ నెలలోనే. రమ్ములో నానబెట్టిన ఎండు ద్రాక్ష కేకులకి మైత్రీవనం దాకా క్యూ ఉంటుందని నాన్న చెప్పుకుంటాడు. మైత్రీవనం దాకా లేదు గాని, మెట్లు దాటి ఉంటుంది. సరిగ్గా మొదటి వారంలో వైరింగ్ షార్ట్ అయింది. ఫైరింజన్ వచ్చేసరికి ఓవెన్ ప్యానెల్, పైకప్పు, అట్టపెట్టెలు, నానబెట్టిన ద్రాక్ష అంతా పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

ఏజెంటుగారు ఫోన్లో ప్రాధేయపడ్డారు. "అమ్మా, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోకండి. ముందు షాపు కాలిన క్లెయిము నిలబడాలి. అది నిలబడితేనే లాభం పోయిన క్లెయిము. మొదటిది పడిపోతే రెండోదీ పోయినట్టేనండీ."

నేను ఫోన్లో వంద కోణాల్లో ఫోటోలు తీశాను. ఈ డబ్బు రాకపోతే లోను వాయిదా కట్టలేం, బేకరీ మూసుకోవాల్సిందే. అది నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. కానీ నాన్న ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టేశాడు. అదీ షాపులోనే. "దేవుని మనుషుల్ని మసిల కూసోబెడతనా?" అన్నాడు. సంఘం ఆడవాళ్లు వచ్చి గోడలు కడిగారు. ఎవరో సున్నం తెచ్చారు. నేను పోట్లాడి పోట్లాడి ఓవెన్ ఒక్కదాన్ని కాపాడుకున్నాను. దాని మీద తెల్లటి దుప్పటి కప్పి, పూలు పెట్టి, పాస్టరుగారి బైబిలు పెట్టారు.

కూడిక మధ్యలో సర్వేయర్ వచ్చాడు. ఆదివారమైనా పని ఆపని మనిషి, మెడలో కెమెరా. గుమ్మంలో ఉన్న ఆంటీ ఆయన్ని కొత్తగా నమ్ముకున్నవాడు అనుకుని, చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టి పాటల పుస్తకం ఇచ్చింది. పాపం, ఆయన పల్లవి కూడా పాడాడు. అప్పుడు నాన్న లేచాడు.

"ప్రభువునందు ప్రియులారా, అగ్ని మా షాపును చుట్టుముట్టినను, ఆయన మాకు రవ్వంత నష్టమైనను కలుగనియ్యలేదు!"

అందరూ ఆమెన్ అన్నారు. సర్వేయర్ అనలేదు.

బిర్యానీ తిని అందరూ వెళ్లాక ఆయన నాన్న ఎదుట కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీకేం నష్టం గాలేదంటున్నరు. మరి నేను దేనికొచ్చిన?"

నేను దుప్పటి లాగేశాను. పూలకింద కాలిన ప్యానెల్ బయటపడింది. ఆయన ఫోటోలు చూశాడు, రూపాయి బిళ్లతో గోడ గీకితే సున్నం కింద మసి వచ్చింది. "అచ్ఛా, నిప్పయితే అంటుకుంది," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"షాపు మల్ల ఎప్పటికి మొదలైతది?"

"దేవుని చిత్తమైతే రేపే!" అన్నాడు నాన్న. నేను బల్లకింద ఆయన కాలు తొక్కాను. "ఎందుకు తొక్కుతున్నవ్? లక్డీకాపూల్‌ల దోస్తు ఓవెన్ కిరాయికి మాట్లాడిన కదా, కేకులు ఆగయి సార్!"

అయిపోయిందనుకున్నాను. సర్వేయర్ మాత్రం మెచ్చుకున్నాడు. "మంచిగ చేసిన్రు. ఆ అమ్మకాలు నష్టంలకెల్లి తీసేస్తం గాని, ఆ కిరాయి సుత క్లెయిముల కొస్తది. మొదటి కొన్ని రోజులు మాత్రం లెక్కకు రావు." తర్వాత నేనిచ్చిన జీఎస్టీ కాగితాలు తిప్పి ఆగాడు.

"పోయిన డిసెంబర్ అమ్మకాల్ని బట్టే ఈ డిసెంబర్‌కు ఎంత పోయిందో కడతం. పోయిన డిసెంబర్‌ల అమ్మకాలే లేవు. అంతకుముందు ఏడు మంచిగుండె. గిట్లయితే మీకు వచ్చేది ఏముండదు. ఏమన్న కారణముంటే చెప్పున్రి, దాన్ని బట్టి సర్దుతం. ఏమైంది?"

నాన్న కిటికీ వైపు చూశాడు. "ఏం కాలే సార్. అంతా దేవుని కృప."

"డాడీ," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "చెప్పు డాడీ."

"నువ్వే చెప్పు."

"నేను చెప్పను."

నిజంగా కోపం వచ్చింది నాకు. ఏడాది నుంచి ఉన్న కోపమే. సర్వేయర్ తొందరపెట్టలేదు. పెన్ను మూత పెట్టి పక్కన ఉంచాడు.

"మా ఇంటామె పోయింది సార్," అన్నాడు నాన్న చివరికి. "పోయిన ఏడు నవంబర్‌ల. కేకు కలిపేది ఆమెనే. మల్ల ఆ డిసెంబర్ షట్టర్ లేపలే." కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సమాధి కాడ సుత మాకేం నష్టం లేదనే చెప్పిన, ప్రభువు దగ్గరికే పోయింది గదా అని. అందరూ ఆమెన్ అన్నరు. గాని నష్టమైంది సార్. మస్తు నష్టమైంది. రాసుకోన్రి."

ఆయన రాసుకున్నాడు. చావు సర్టిఫికెట్ జతచేయమన్నాడు. ఈ ఏడు అమ్మకాలు మళ్లీ పెరిగాయి కాబట్టి, అంతకుముందు డిసెంబర్‌ని లెక్కలోకి తీసుకోవచ్చన్నాడు. ఎండాకాలానికి క్లెయిము వచ్చింది. గోడలకి సున్నం మేమే వేశాం కాబట్టి ఆ ఖర్చు కోసేశారు గాని, బేకరీ నిలబడింది.

ఆ ఆదివారం సర్వేయర్ వెళ్లాక, నాన్న ఓవెన్ మీది దుప్పటి మడత పెట్టబోయి, మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు ఆయన ఏడవలేదు. నేను షట్టర్ దించి, పక్కన కూర్చుని నేను కూడా ఏడ్చాను.