సూదక్క వేసిన నెల పట్టిక

రక్తపరీక్షల కేంద్రంలో అందరూ ఆమెను సూదక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కుర్చీ, రోజుకు అరవై చేతులు. నరం దొరకని ముసలివాళ్లు, సూది చూస్తే కళ్లు తిరిగే వస్తాదులు ఆమె కోసమే టోకెన్ పట్టుకుని కూర్చుంటారు. "అయిపోయిందండీ" అని ఆమె అన్నాకే సగం మందికి సూది దిగిన సంగతి తెలుస్తుంది. ఎవరైనా పొగిడితే వద్దనే అలవాటు ఆమెకు లేదు. ఎందుకు వద్దనాలి?

ఆమె పక్కనున్న రెండో కుర్చీది మాత్రం వేరే కథ. ఏడాదిలో ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. ఒకామె నాలుగో రోజు పోయింది, ఒకతను పదకొండో రోజు. మూడో ఆమె భోజనానికని వెళ్లి అటునుంచి అటే ఇంటికి చక్కాపోయింది. అందరూ చదువుకున్నవాళ్లే. రెండు రోజులు కాగితాలు చదివించి, మూడో రోజు పొద్దున్నే ముప్పై మందిని అప్పజెప్తే ఎవరు మాత్రం నిలుస్తారు?

ఇప్పుడు నాలుగో ఆవిడ వస్తోంది. పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఇంట్లో ఉండిపోయి, మళ్లీ సూది పట్టబోతున్న మనిషి. మేనేజరు ముందే తేల్చి చెప్పాడు.

"ఈవిడ కూడా పోతే ఇంక ఎవర్నీ తీసుకోనమ్మా. రెండో కుర్చీ తీయించేస్తా. మీరొక్కరే లాక్కురావాలి."

"అయితే ఈ నెల పట్టిక నన్ను వెయ్యనివ్వండి సార్," అంది సూదక్క.

ఆ సాయంత్రం ఇంట్లో బల్ల మీద పెద్ద కాగితం పరిచింది. మొదటి వారం పాఠాలు. రెండో వారం మధ్యాహ్నాలు పక్కన నిలబడి చూడటం, ఎందుకంటే అప్పుడు జనం పలచగా ఉంటారు. మూడో వారం నుంచి పని. దర్జీ పని చేసే మొగుడు టేపు మెడలో వేసుకుని వచ్చి తొంగిచూశాడు.

"మధ్యాహ్నం ఏం చూస్తుందే? నువ్వు ఆవులించడం చూస్తుందా?"

సూదక్కకు చిర్రెత్తింది. పైగా మాట నిజం కాబట్టి ఇంకా ఎక్కువ చిర్రెత్తింది. చూడవలసినదంతా పొద్దున ఏడు నుంచి పది దాకానే ఉంటుంది. పరగడుపున వచ్చిన వాళ్ల చిరాకు, ఏడ్చే పిల్లలు, తప్పించుకునే నరాలు. అయితే ఆ మూడు గంటల్లో కొత్తావిడ చూడగలదు గానీ చెయ్యలేదు. గీతలు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.

"ఇంకోటి చెప్పనా? ఆవిడ ఎన్ని చెయ్యాలో రాశావు. నీవెన్ని తగ్గుతాయో రాయలేదు. నేను ఒకడికి కోటు కత్తిరింపు నేర్పే రోజున నా కుట్టు సగానికి పడిపోతుంది. నీకేమైనా నాలుగు చేతులున్నాయా?"

"మహా చెప్పొచ్చారు," అంటూనే ఆమె కాగితానికి కుడివైపున తన పేరుతో కొత్త వరస గీసింది.

మర్నాడు మేనేజరు ఆ కాగితం చూసి కళ్లు పెద్దవి చేశాడు. మొదటి వారం పొద్దుటిపూట కొత్తావిడ సూది ముట్టదు. పక్కన నిలబడి రోజుకు ఒక్క విషయమే చూస్తుంది. సోమవారం పేరు అడిగే పద్ధతి, మంగళవారం నరం వెతకడం, బుధవారం ఏ రంగు మూత ట్యూబు తర్వాత ఏ రంగుది నింపాలన్నది. పదకొండు దాటాక రబ్బరు చెయ్యి మీద సాధన, చివర్లో అరగంట మాటలు. రెండో వారం పదకొండు తర్వాత, తేలిగ్గా నరం దొరికేవాళ్లు రోజుకు అయిదుగురి నుంచి ఎనిమిది మంది దాకా, సూదక్క పక్కన ఉండగా. మూడో వారం సొంత కుర్చీలో పది నుంచి పదిహేను. నాలుగో వారం పొద్దుటి రద్దీలోకి దిగి ఇరవై, ఇరవై అయిదు. ముప్పై అన్న అంకె రెండో నెలలో గానీ లేదు.

"మీవి కూడా అరవై నుంచి నలభై అయిదుకు దించారేంటి? రెండు జీతాలిచ్చి ఒక మనిషి పని కూడా రాదా?"

"రెండు వారాలే సార్. పరగడుపు అక్కర్లేని పరీక్షలవాళ్లకి పదకొండు తర్వాత టైమివ్వమనండి. ఆవిడకు నేర్చుకోడానికి మనుషులు దొరుకుతారు, పొద్దున రద్దీ తగ్గుతుంది. అప్పటిదాకా ల్యాబులోంచి ఒకర్ని పొద్దున గంటసేపు పంపండి. ముగ్గురు పోయారు కదా, వాళ్ల మీద ఏం మిగిలింది మనకి?"

మేనేజరు గడ్డం గోక్కుని సంతకం పెట్టాడు.

ఎనిమిది రోజులు పట్టిక గడియారంలా నడిచింది. తొమ్మిదో రోజు కొత్తావిడ ఏడుగురికి తీయాలి. ఏడుగురికీ ఒక్క పోటుతోనే తీసింది. చూస్తున్న సూదక్కకు కడుపు నిండిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ తన ఉద్యోగులు ముప్పై మందిని ఒకేసారి పరీక్షలకు పంపింది. వరండా కిటకిటలాడింది.

"చెయ్యి బాగా ఆడుతోందిగా, ఇంకో పది మందిని లాగించెయ్యి," అంది సూదక్క. తన కాగితాన్ని తనే కాదంది. మేనేజరు అడిగి ఉంటే మండిపడేదే!

కొత్తావిడ తర్వాతి టోకెన్ పిలిచింది. అయిదుగురయ్యాక ఆగిపోయింది. చేతిలో లేబుల్ లేని ట్యూబులు రెండున్నాయి. ఒకరు లేచేలోపే ఇంకొకరు వచ్చి కూర్చుంటే, చీటీలు తర్వాత అంటిద్దామనుకుంది.

"అక్కా, ఇవి ఎవరివో చెప్పలేను," అంది.

అలాంటి ట్యూబులను ఊహించి అంటించకూడదు, పారెయ్యాలి. ఇద్దరినీ వెనక్కి పిలిచి, క్షమాపణ చెప్పి, మళ్లీ తీయాలి. సూదక్క తనే ఆ పని చేసింది. గోల విని మేనేజరు వచ్చాడు.

"తప్పు నాది సార్. పట్టికలో ఏడు రాసి పన్నెండు చేయించాను. ఆవిడ దాచకుండా చెప్పింది కాబట్టి సరిపోయింది."

మేనేజరు రెండో కుర్చీ వైపు అదోలా చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు కొత్తావిడ కూడా చూసింది. సంచి తీసుకుని తల దించుకుని ఇంటికెళ్లింది.

ఆ రాత్రి సూదక్కకు కంటి మీద కునుకు లేదు. నా పొగరే ముంచింది అనుకుంది. పొద్దున ఆరున్నరకే వెళ్లి, ఆ రోజు గడిలో ఎనిమిది కొట్టేసి నాలుగు రాసింది. మూడో వారం అంకెలు రెండేసి తగ్గించింది. అట్టడుగున ఇంకో మాట చేర్చింది: ఈ అంకెలు పెంచే హక్కు ఎవరికీ లేదు, నాతో సహా.

ఏడుకు అయిదు నిమిషాలుందనగా కొత్తావిడ వచ్చింది. గోడ మీది కాగితం చదివింది.

"రాకూడదనే అనుకున్నానక్కా. మా ఆయనే, ఉంచుతారో లేదో ఒకసారి కనుక్కుని అప్పుడు మానెయ్ అన్నారు."

"నాలుగే. పద, కోటు వేసుకో," అంది సూదక్క.

తర్వాత అంకెలు మెల్లమెల్లగా ఎక్కాయి. ఎనిమిది, పదమూడు, పద్దెనిమిది. నెలాఖరు శనివారం పొద్దుటి రద్దీలో కొత్తావిడ వాటా ఇరవై మూడు. పట్టికలోని ఇరవై అయిదు కాదు, ఇరవై మూడే. ఇరవై రెండయ్యాక సూదక్క తన కుర్చీ వదిలి బయటికెళ్లి, టోకెన్ తీసుకుని, జనంలో వరసన కూర్చుంది. చక్కెర పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి.

టోకెన్ పిలిచారు. వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. కొత్తావిడ సూది వైపు చూడలేదు.

"మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి."

వెనకాల నిలబడ్డ పెద్దాయన పకపకా నవ్వాడు. "భలేదానివమ్మా! సూదక్క తెలీదా నీకు?"

కొత్తావిడ నవ్వలేదు. సర్దిచెప్పనూ లేదు. పలక ముందు కూర్చున్న పిల్లని చూసినట్టు సూదక్కను చూస్తూ జవాబు కోసం ఆగింది. ఇరవై ఆరేళ్లలో ఆ గదిలో ఎవరూ సూదక్కను పేరు అడగలేదు. ఆమె వీపు నిటారుగా పెట్టి, ఇంటిపేరుతో సహా పేరు చెప్పింది, తేదీ చెప్పింది. సూది దిగింది. ఆమె లేవకముందే, ఆమె కళ్లెదుటే, ట్యూబుకు చీటీ అంటుకుంది.

గుమ్మం దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. "ఏమంటారమ్మా? రెండో కుర్చీ ఉంచమంటారా?"

"ఉంచడమేంటి సార్, మూడోది చేయించండి," అంది సూదక్క, దూదిని మోచేతి మడతలో గట్టిగా నొక్కి పట్టుకుని.