మేడమ్ లీవులో ఉన్నారు

హైటెక్ సిటీలో అద్దాల మేడల మధ్య ఇంకో అద్దాల మేడ మా ఆసుపత్రి. అందులో గుండె డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. మానేయడానికి కారణం పెద్దదేమీ కాదు. పేషెంటుతో నాలుగు మాటలు మాట్లాడేలోపే తర్వాతి టోకెను మోగేది. ఆ మోత భరించలేక మదీనాగూడలో ఓ చిన్న ఆసుపత్రికి మారదామనుకున్నాను. అక్కడ కూడా టోకెన్లుంటాయి, కానీ మోగవు.

రాజీనామా ఉత్తరం రాస్తానంటే హెచ్చార్ అమ్మాయి నవ్వింది. "రెండు లైన్లు చాలు మేడమ్, ఫార్మాట్ పంపిస్తాను" అంది. రెండు లైన్లలో నేను మానేస్తున్నానని చెప్పొచ్చు. నా దగ్గర మందులు వాడుతున్న మనుషుల సంగతి ఎక్కడ చెప్పను? కంప్యూటరు ఉద్యోగమా ఇది, లాప్‌టాప్ అప్పజెప్పి పోవడానికి?

ఆ అమ్మాయికి ఇష్టం లేకపోయినా పెద్ద ఉత్తరమే రాశాను. అందులో రాసింది ఇదీ. వార్డులో ఉన్నవాళ్ళను నా చివరి రౌండులో మంచం పక్కనే నిలబడి కొత్త డాక్టరుకు అప్పగిస్తాను. ఓపీకి వచ్చిపోయేవాళ్ళలో జాగ్రత్తగా చూడాల్సిన ప్రతి ఒక్కరికీ విడిగా ఒక కాగితం రాస్తాను: జబ్బేమిటి, ఏ మందు నడుస్తోంది, తర్వాతి పరీక్ష ఎప్పుడు, దేనికి భయపడాలి. చివరి పేరా మాత్రం ఆసుపత్రికి. నేను వెళ్ళిపోతున్నానని వాళ్ళందరికీ ఫోను చేసి చెప్పాలి, ఇకమీదట ఎవరు చూస్తారో చెప్పాలి, ఇష్టం లేనివాళ్ళకు ఫైలు ఇచ్చి పంపాలి. నేనే ఫోను చేసుకునేదాన్ని, కానీ మా ఒప్పందం ప్రకారం పేషెంట్ల నంబర్లు ఆసుపత్రి సొత్తు. వెళ్ళేటప్పుడు ఫోను, సిమ్ము కూడా తీసేసుకుంటారు. అందుకే ఆ పేరా కింద గీత గీశాను.

అప్పగించింది ఎవరికనుకున్నారు? నా తమ్ముడికి. తోడబుట్టినవాడు కాదు, అంతకంటే ఎక్కువ అనుకున్నాను, నా మొహం. ట్రైనింగు అయిపోగానే వచ్చి నా కింద చేరాడు. గుండె స్కానింగు చేసే ఎకో మిషను ఎలా వాడాలో చెయ్యి పట్టి నేర్పాను. వాడి పెళ్ళిలో ఆడపడుచు లాంఛనాలన్నీ నేనే జరిపించాను. నా టిఫిన్ బాక్సులో ఆవకాయ ఉంటే అడక్కుండానే తీసుకునేవాడు. ఆ చనువే నాకు ముచ్చటగా ఉండేది.

మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఇద్దరం కూర్చుని కాగితాలన్నీ చదివాం. వాడు ప్రశ్నలు అడిగాడు, రాసుకున్నాడు, ఒక్కోదాని కింద నేనూ వాడూ సంతకాలు చేశాం. ఒక కాగితం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

ఆమెది బోరబండ. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. గుండెలో ఒక కవాటం పాడైపోతే లోహపు కవాటం వేశారు. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం రక్తాన్ని పల్చగా ఉంచే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకే రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పరీక్ష, ఐఎన్‌ఆర్, ఎప్పటికప్పుడు చేయించాలి. ఇది చాలనట్టు ఆమెకు మెడలో టీబీ గడ్డలు వచ్చాయి. టీబీ మందుల్లో ఒకటి ఈ పల్చబరిచే మాత్రను పనిచెయ్యనివ్వదు. దాంతో మాత్ర డోసు రెట్టింపు దాటించాల్సి వచ్చింది. అసలు ప్రమాదం టీబీ కోర్సు ముగిశాక మొదలవుతుంది. అడ్డుపడే మందు ఆగిపోతుంది, పెంచిన డోసు అలాగే ఉంటుంది, కొన్ని వారాల్లో రక్తం నీళ్ళయిపోతుంది. అప్పుడు వారం వారం పరీక్ష చేసి డోసు మెల్లగా దించాలి.

"ఇదొక్కటి మర్చిపోతే మనిషి పోతుందిరా" అన్నాను.

"నేను చూసుకుంటానక్కా. నీకెందుకు బెంగ?" అన్నాడు. వాడే ఎర్ర పెన్ను తీసుకుని ఆ వాక్యం చుట్టూ గీశాడు.

ఆమెకు కూడా చివరిసారి వచ్చినప్పుడు చెప్పాను. అప్పటికింకా రాజీనామా ఇవ్వలేదు. "టీబీ డాక్టరు ఆ మందు ఎప్పుడు ఆపమంటే అప్పుడు వెంటనే నా దగ్గరికి రావాలి. తెలిసిందా?" అన్నాను. "గట్లనే మేడం. మీ తానకే వస్త" అంది. మంచి మాటే కదా అనుకున్నాను.

మిగిలిన సెలవులను నోటీసు రోజుల్లో కలిపేసి నన్ను కొంచెం ముందే పంపించారు. కేకు కోశారు, శాలువా కప్పారు. మా తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకుని మైకులో మాట్లాడాడు. నేనూ ఏడ్చాను, పిచ్చిదాన్ని.

దాదాపు మూడు నెలలు గడిచాయి. మదీనాగూడలో ఒక ఉదయం ఓపీలో ఉండగా కింద క్యాజువాలిటీ నుంచి కబురొచ్చింది. గుండెలో లోహపు కవాటం ఉన్న ఆమె, నల్లగా విరేచనాలు, నోట్లోంచి రక్తం. వెళ్ళి చూద్దును కదా, ఆమే. తెల్ల కాగితంలా పాలిపోయింది. చిగుళ్ళ చుట్టూ రక్తం చారలు. లింగంపల్లిలో పుట్టింటికొచ్చి అక్కడే పడిపోయిందట, దగ్గర్లో ఉన్నామని మా దగ్గరికి తెచ్చారు.

పక్కన ఆమె భర్త. ఐటీ కంపెనీ బస్సు నడుపుతాడు. నన్ను చూసి రెండు చేతులూ జోడించబోయి మధ్యలోనే ఆపేశాడు.

"మేడం, మీరు లీవుల ఉన్నరు గద?" అన్నాడు.

ఏం లీవు? నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఐఎన్‌ఆర్ ఎంతుందో మా మిషను చూపించలేకపోయింది, అంత పల్చన. రక్తం ఎక్కించాం, ప్లాస్మా ఎక్కించాం. పూర్తిగా విరుగుడు ఇచ్చేస్తే కవాటం మీద గడ్డ కడుతుందని భయం, ఇవ్వకపోతే రక్తమంతా పోతుందని భయం. గుడ్డివాళ్ళలా తడుముకుంటూ కొంచెం కొంచెంగా ఇచ్చుకుంటూ పోయాం. సాయంత్రానికి రక్తస్రావం ఆగింది. అప్పుడుగానీ బయట బెంచీ మీద అతని పక్కన కూర్చోలేదు.

"టీబీ మాత్రలు బంద్ చేయమన్నంక వెంటనే మీ దవాఖానకు ఫోన్ చేసినం మేడం. మేడం లీవులో ఉన్నారు, వేరే సార్ ఉన్నారు, చూపించుకుంటరా అన్నరు. మా ఆమె ఒప్పుకోలే. మేడం ఆమె తానకే రమ్మన్నది, ఆమె వచ్చినంకనే పోత అన్నది. మళ్ళ వారం ఫోన్ చేస్తే ఇంకా లీవే అన్నరు. మీకు పాణం బాగలేదేమో అని పరేషాన్ అయింది మేడం. మీరు మంచిగుండాలని మీ పేరు మీద దర్గాల చక్కెర గూడ చదివించింది."

లేచి అవతలికి పోయి పాత ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఫోను చేశాను. కోస్తా మనిషి, ఎంత కోపంలోనైనా అండీ వదలడు.

"ఎవరూ అబద్ధం చెప్పలేదండి. మీ ఆఖరి రోజులు లీవు కిందే సర్దాం కదండీ. సిస్టంలో లీవు అని పడింది. అదే చెప్పారు" అన్నాడు.

"మూడు నెలలా అండీ? నా ఉత్తరంలో గీత గీసి మరీ రాశాను. ఫోన్లు ఎందుకు చేయించలేదు?"

గొంతు తగ్గించి, "లీవు అనే ఉంచేద్దామన్నది మీ తమ్ముడేనండి" అన్నాడు.

ఆసుపత్రి మీద నాకు భ్రమలు లేవు. దాని బుద్ధి దానిది. కానీ వీడు! వెంటనే వాడికి చేశాను. ఒక్క రింగుకే ఎత్తి, "అక్కా! ఎలా ఉన్నావు?" అన్నాడు, హాయిగా. అంతా చెప్పాను. ముందు ఆ ఎర్ర గీత కాగితం గురించి అడిగాను.

"డ్రాయరులోనే ఉందక్కా. ఆమె రాలేదు కదా, వస్తే చూసేవాణ్ణే."

"ఎలా వస్తుందిరా? నేను తిరిగొస్తానని చెప్పించింది నువ్వే కదా?"

వాడు ఖండించలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నువ్వు వెళ్ళిపోయావని చెప్తే అందరూ నీ వెనకాలే వచ్చేస్తారక్కా. నా దగ్గర ఎవరు కూర్చుంటారు? కొన్నాళ్ళు లీవు అంటే నెమ్మదిగా నాకు అలవాటు పడతారనుకున్నాను. చాలామంది పడ్డారు కూడా. నన్ను నువ్వు కూడా అర్థం చేసుకోకపోతే ఎలా?"

నమ్మించి గొంతు కోసినవాడు నన్నే అర్థం చేసుకోమంటున్నాడు! తిట్టడానికి నోట్లో బోలెడన్ని మాటలున్నాయి, నేను మామూలుగా తిట్లకు వెనకాడేదాన్ని కాదు, అయినా తిట్టలేదు. "ఇప్పుడే, ఈ క్షణమే కూర్చుని మిగతా కాగితాల్లో ఉన్న వాళ్ళందరికీ ఫోన్లు చేయించు. నేను మానేశానని చెప్పించు. చెయ్యకపోతే మెడికల్ కౌన్సిలుకు నేనే రాస్తాను" అన్నాను. "సరే మేడమ్" అన్నాడు. అక్క పోయి మేడమ్ వచ్చింది. ఫోను పెట్టేశాను. ఫోన్లు చేయించాడని తర్వాత తెలిసింది, చేసిన పాత స్టాఫే ఒక్కొక్కరు నాకు చెప్పారు. వాడితో మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పటికీ ఆవకాయ డబ్బా తెరిస్తే వాడు గుర్తొస్తాడు, ఒళ్ళు మండుతుంది, అన్నం సహించదు.

ఆమె బతికింది. డోసు పాత చోటికి దిగింది. ఇంటికి పంపే రోజున మంచం మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటూ ఉంది. ఆమెకు నిజం చెప్పాలని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఉత్తరం సంగతి, కాగితం సంగతి, లీవు అన్న మాట ఎవరిదో ఆ సంగతి, అన్నీ చెప్పుకొచ్చాను. నా గొంతు పైకి లేస్తోందని నాకే తెలుస్తోంది. వాళ్ళు నన్ను మోసం చేశారని ఆమె ఒప్పుకోవాలని నా ఆరాటం.

ఆమె అంతా ఓపికగా విన్నది.

"మీకు గట్ల చేసిన్రా మేడం" అంది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నా మొహం వైపు చూడకుండా, "అయినా మేడం, ఆఖరిసారి వచ్చిననాడు నేను మీ ముంగటనే కూసున్న గద. పోతున్న అని నాకొక్క మాట చెప్తే అయిపోతుండె" అంది.

రాజీనామా ఇవ్వకముందే చెప్పకూడదనీ, అది పద్ధతి కాదనీ చెప్పబోయి ఆగాను. తర్వాతి పరీక్షకు ఎప్పుడు రావాలో చెప్పాను.

"ఆ రోజు మీరుంటరా?" అని అడిగింది.