భోజనం దాకా ఉచిత శిక్షణ

టేకులపల్లి దగ్గరి తండాలో పుట్టిన హీరాలాల్ సర్వేయరు. మూడు కాళ్ల స్టాండు మీద నిలబడి దూరాన్నీ కోణాన్నీ కొలిచే టోటల్ స్టేషన్ అనే యంత్రం అతనికి సొంతంగా ఉంది. దాన్ని బైకు వెనక కట్టుకుని అడవి అంచు ఊళ్లన్నీ తిరిగాడు. పని వచ్చు, యంత్రం ఉంది, పిలిచేవాళ్లే లేరు. రోడ్ల పనుల్లో ఏడాది పొడవునా దొరికే సర్వే ఒక్కటి చేతికొస్తే చాలని అతని కోరిక.

తను చదివిన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే భాస్కర్ సార్ ఒక ఉపాయం చెప్పాడు. జూనియర్లకు ఒకరోజు ఉచితంగా వర్క్‌షాప్ పెట్టు, ముఖ్య అతిథిగా రోడ్ల పెద్ద ఇంజనీరు గారిని పిలుద్దాం, నీ పేరు ఆయన చెవిన పడుతుంది అన్నాడు. హీరాలాల్‌కు ఒక్కసారిగా విద్యాదానం మీద అపారమైన గౌరవం కలిగింది. రెండు వందల విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు.

ఆరోజు ఉదయం అతను బాగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. స్టాండు కాళ్లు ఎలా దించాలి, నేల మీది గుర్తుకు సరిగ్గా పైన యంత్రాన్ని ఎలా నిలపాలి, మట్టం చూపే గాజులోని బుడగను మధ్యకు ఎలా తేవాలి, అంతా నలభై మంది చేతా చేయించాడు. అతని దగ్గర ఆరేళ్లుగా, యంత్రం గురిపెట్టే అద్దం బిగించిన ప్రిజమ్ కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడే రాందాస్, ఆరోజూ ఎండలో అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం బ్యాక్‌సైట్ చెప్పాలి. కొలతలు మొదలుపెట్టే ముందు, స్థానం తెలిసిన ఇంకో గుర్తు వైపు చూసి యంత్రానికి దిక్కు చెప్పడం అది. చెప్పకపోతే ప్రతి కొలతా సరిగ్గానే ఉంటుంది, మ్యాపు మాత్రం మొత్తంగా తిరిగి కూర్చుంటుంది.

భోజనాల వేళకు ఇంజనీరు గారు వచ్చారు. శాలువా, ఫోటోలు, ప్రిన్సిపాల్ గదిలో టీ. హీరాలాల్ ఆయన కుర్చీకి రెండడుగుల దూరంలో, పిలిస్తే అందేలా, నాలుగింటి దాకా నిలబడ్డాడు. ఇంజనీరు గారు కార్డు తీసుకుని, చదవకుండా జేబులో వేసుకుని, పిల్లలకు క్రమశిక్షణ ముఖ్యమని చెప్పి వెళ్లిపోయారు. కారు దాకా సాగనంపి వచ్చేసరికి పిల్లలు బస్సుల కోసం పోతున్నారు. ములకలపల్లి అమ్మాయి సుజాత ఒక్కతే ఆగి, మిగిలింది ఎప్పుడు చెప్తారు, నంబర్ ఇస్తారా అని అడిగింది. ఈ వారమంతా బిజీ అన్నాడు. జేబులో నూట తొంభై ఆరు కార్డులు ఉన్నాయి. యంత్రం సర్దుతున్న రాందాస్ మాత్రం తన నంబర్ ఆమె నోట్‌బుక్కులో రాశాడు. అది చూసి, బస్సుల కోసం పోతున్న పిల్లలు కొందరు వెనక్కి వచ్చి రాసుకున్నారు.

ఇంజనీరు గారికి హీరాలాల్ పదకొండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు ఎత్తారు, రెండుసార్లూ ఏ హీరాలాల్ అని అడిగారు. మరుసటి ఏడాది రాందాస్ కూడా పని మానేసి వెళ్లాడు. ఎందుకని హీరాలాల్ అడగలేదు.

మూడేళ్లకు, మండలంలో పెద్ద రోడ్డు పని వచ్చిందని, సర్వే ఎవరికివ్వాలో సైటు ఇంజనీరే తేలుస్తారని విని, బస్సెక్కి పాల్వంచ దగ్గరి సైటు ఆఫీసుకు వెళ్లాడు. కుర్చీలో సుజాత ఉంది. లేచి నిలబడి నమస్కారం పెట్టింది, టీ తెప్పించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. మేడమ్ అనాలో అమ్మా అనాలో తేలక, రెండూ మింగి విషయం చెప్పాడు.

"ఇచ్చేసిన సార్. పోయిన నెలనే. రాందాసన్నకు."

"రాందాసా? వాడు కర్ర పట్టుకునేటోడు గదా?"

"అవ్ సార్. ఇప్పుడు మిషన్ కిరాయికి తెచ్చుకొని సొంతంగ చేస్తుండు."

ఆమె నిదానంగా చెప్పుకొచ్చింది. ఉద్యోగంలో మొదటి పని ఊరి రోడ్డు సర్వే. వర్క్‌షాప్‌లో పొద్దున నేర్చుకున్నట్టే యంత్రం నిలిపి, బుడగ మధ్యకు తెచ్చి, కొలిచింది. గీసి చూస్తే రోడ్డు చెరువు మీదుగా పోయింది. వారం చేసిన పని పారేసి, ఉద్యోగం తీసేస్తామన్నారు. నోట్‌బుక్కులో నంబర్ ఒక్కటే ఉంది. రాందాస్ తెల్లారి బైకు మీద వచ్చి బ్యాక్‌సైట్ నేర్పి, సాయంత్రం దాకా పక్కనే నిలబడ్డాడు. ఆ బ్యాచిలో ఇప్పుడు ఎనిమిదిమంది సైట్లలో ఉన్నారు, అందరూ అన్నకే ఫోన్ చేస్తారు.

"నాకొక్క మాట చెప్తే నేనే వస్తుంటి గదా," అన్నాడు హీరాలాల్.

"మీ నంబర్ యాడిది సార్ మాకు?" అంది సుజాత. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. "పొద్దటిది మాత్రం మీరు మంచిగ చెప్పిన్రు. ఇప్పటికీ మర్చిపోలే."

ఆ పొగడ్తకు అతను తల వంచాడు. టీ చల్లారింది.

బయట ఆవరణలో ఇద్దరు కొత్త ట్రైనీలు టోటల్ స్టేషన్ నిలుపుతున్నారు. హీరాలాల్ ఆగి చూశాడు. ఏదో ఒక తప్పు చేస్తారు, దగ్గరికెళ్లి సరిదిద్దవచ్చు అనుకున్నాడు. వాళ్లు గుర్తు మీద నిలిపారు, బుడగ తెచ్చారు, దూరంగా ఉన్న రాయి వైపు తిప్పి బ్యాక్‌సైట్ తీసుకున్నారు, సరిపోయిందో లేదో మూడో గుర్తు మీద చూసుకున్నారు. ఎక్కడా తప్పు లేదు. ఇంకొంచెంసేపు నిలబడి, ఇల్లందు బస్సు ఎప్పుడని వాళ్లనే అడిగాడు.